బాగుందన్నవారిలో కొనేవారెందరు? యంత్రాలు కొనకముందే పొడికి గిరాకీ తేల్చుకునే పద్ధతి

మా చిన్నక్క అనంతపురంలో పదిహేనేళ్లుగా ఇంట్లో శెనక్కాయల పొడి కొడుతోంది. గుంతకల్లు వైపు ఉన్న మా బంధువులు దాన్నే బుడ్డల పొడి అంటారు. పండగకు వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు తలా ఒక డబ్బా కట్టించుకుని పోవడం, జొన్నరొట్టెలోకి ఇంతకంటే మంచిది లేదని మెచ్చుకోవడం, దీన్ని అమ్మితే ఎంత బాగుంటుందోనని ప్రతిసారీ అనడం ఆనవాయితీ అయిపోయింది. పోయిన ఏడాది జూన్‌లో అక్క ఆ మాటలను నమ్మి కొటేషన్లు తెచ్చుకుంది. విత్తనాలు వేపే యంత్రానికి 45,000 రూపాయలు, పొడి కొట్టే పల్వరైజర్‌కు 35,000, పేరు ముద్రించిన పౌచులు కనీసం పదివేలు తీసుకోవాలి కాబట్టి వాటికి 40,000, కమలానగర్‌లో చిన్న గదికి అడ్వాన్సు 50,000. అన్నీ కలిపితే 1,70,000 రూపాయలు.

ఆ డబ్బు కట్టకముందు మూడు నెలల పాటు మేమిద్దరం చేసిన పరీక్షను ఇక్కడ వివరిస్తున్నాను. మీరు చేసేది పొడి కావచ్చు, నిప్పట్లు కావచ్చు, ఊరమిరపకాయలు కావచ్చు. మళ్లీ మళ్లీ కొనుక్కునే తినుబండారం ఏదైనా ఈ పద్ధతి సరిపోతుంది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొనే వస్తువులకు మాత్రం ఇందులో సగమే పనికొస్తుంది, ఎందుకంటే ఈ పరీక్షకు ప్రాణం రెండోసారి కొనుగోలులో ఉంది.

మొదట ఒక నోటు పుస్తకం, అందులో రెండు జాబితాలు

మీ వస్తువును ఇప్పటివరకు రుచి చూసినవారి పేర్లన్నీ ఒక పుటలో రాయండి. తర్వాత వారిలో డబ్బిచ్చి కొన్నవారి పేర్లను పక్క పుటలోకి ఎక్కించండి. ఆ రెండో జాబితాలోనుంచి బంధువులను, ఇరుగుపొరుగును, మీతో కలిసి పనిచేసేవారిని, మీకు ఏదో ఒక మొహమాటం ఉన్నవారిని కొట్టివేయండి. అక్క మొదటి పుటలో 64 పేర్లు రాసింది. రెండో పుటలోకి 11 పేర్లు వచ్చాయి. కొట్టివేతలు అయ్యాక మిగిలినవారు ఇద్దరు. ఆ ఇద్దరు కూడా కిలో 200 రూపాయల లెక్కన, అంటే సామాను ఖర్చుకు కాస్త పైన ఇచ్చి తీసుకున్నవారే.

ఈ లెక్క చూసి అక్క రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ఇక్కడ ఆమె పొడిలో లోపమేమీ లేదు. మన ఇళ్లలో పెట్టింది తిని బాగుందనడం మర్యాద, అడిగితే కొంటామనడం అంతకు మించిన మర్యాద. ఆ మర్యాదను గిరాకీగా లెక్కవేసుకోవడంలోనే పొరపాటు జరుగుతుంది. అందుకే ఇకనుంచి జరిగే పరీక్షలో పరిచయం లేనివారు పూర్తి ధరకు కొన్న ప్యాకెట్లను మాత్రమే లెక్కపెట్టాలి. బంధువులకు అమ్మవచ్చు, వద్దనడం లేదు, ఆ అమ్మకం మాత్రం వేరే పుటలో ఉండాలి.

మీ కూలి కలిపిన ధర

తక్కువ ధరకు పెట్టిన పరీక్ష ఏమీ చెప్పదు. సామాను ఖర్చుకే అమ్మితే కొనేవారు దొరుకుతారు, ఆ తర్వాత వ్యాపారపు ధర చెప్పిన రోజున వారే కనిపించకుండా పోతారు. కాబట్టి మొదటి ప్యాకెట్ అమ్మకముందే ఒక విడత ఖర్చును పైసాతో సహా కట్టుకోవాలి. ఐదు కిలోల విడతకు, అంటే పావుకిలో ప్యాకెట్లు 20 వచ్చే విడతకు అక్క లెక్క ఇలా తేలింది.

నాలుగున్నర కిలోల విత్తనాలు కిలో 140 చొప్పున 630 రూపాయలు. వేపి, పొట్టు చెరిగి, నల్లబడినవీ ముడుచుకుపోయినవీ ఏరేశాక అవి నాలుగు కిలోల పైచిలుకే మిగిలాయి. ఆ తరుగును చాలామంది మరిచిపోతారు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు కలిపి 185. గ్యాసుకూ కరెంటుకూ 60. సాదా పౌచులు, అంటించే కాగితాలు ప్యాకెట్‌కు 6 చొప్పున 120. ఇక్కడికి 995 రూపాయలు, అంటే ప్యాకెట్‌కు దాదాపు 50. అక్క ఇంతవరకే లెక్కవేసుకుని 70 రూపాయలకు అమ్మితే 20 మిగులుతుందని అనుకునేది.

వేపడం, పొట్టు రాల్చడం, చెరగడం, ఏరడం, కొట్టడం, తూకం వేసి కట్టడం, అన్నిటికీ గడియారం పెట్టి చూస్తే ఆరు గంటలు పట్టింది. గంటకు 75 రూపాయల కూలి వేసుకుంటే 450. ఆటో, పెట్రోలు, చిరిగిపోయిన పౌచులు, రుచి చూపించడానికి పోయిన పొడి కలిపి ప్యాకెట్‌కు 8 రూపాయలు. అంతా కలిపితే ఒక ప్యాకెట్ 80 రూపాయలకు వచ్చింది. అందుకని పరీక్ష ధర 110గా పెట్టాము. ఆ ధర చెప్పేటప్పుడు గొంతు వణికితే వినేవారికి అది తెలిసిపోతుంది. అందుకే ధరను ప్యాకెట్ మీదే అచ్చువేయించి అంటించాము, నోటితో చెప్పాల్సిన అవసరం లేకుండా.

ఇక్కడ చట్టానికి సంబంధించిన ఒక చిన్న పని ఉంది. తినే వస్తువును ఇంట్లో చేసి కొద్దిగా అమ్మినా ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. పరీక్ష పేరుతో అమ్మేదీ అమ్మకమే. దరఖాస్తును `foscos.fssai.gov.in` లో పెట్టుకోవచ్చు. వచ్చిన 14 అంకెల సంఖ్యను, తయారైన తేదీని, ఎప్పటిలోగా వాడాలో, బరువును, ధరను, వేసిన దినుసులను ప్యాకెట్ మీద రాయాలి. వేరుశనగ పడనివారు ఉంటారు కాబట్టి అందులో వేరుశనగ ఉందని విడిగా కనిపించేలా రాయడం కూడా నిబంధనల్లోనే ఉంది. ముద్రించిన పౌచులు దీనికేమీ అక్కరలేదు, సాదా పౌచు మీద అంటించిన కాగితం చాలు.

పరీక్షకు ముందే రాసుకోవలసిన అంకె

ఫలితం చూశాక దానికి తగ్గట్టు మనసును సర్దుకోవడం మనిషి స్వభావం. పది ప్యాకెట్లు అమ్ముడైతే పదైనా పోయాయని సంతోషిస్తాం, నాలుగు పోతే మొదటిసారి కదా అని సరిపెట్టుకుంటాం. అందుకని ఎంత అమ్ముడైతే ముందుకు పోవాలో, ఎంత అయితే ఆగాలో పరీక్షకు ముందే రాసి, తేదీ వేసి, ఇంట్లో మరొకరి చేత సంతకం పెట్టించండి. ఆ అంకెను ఊహించి రాయకండి, మీరు పెట్టబోయే ఖర్చులోనుంచే దాన్ని తీయాలి.

అక్క అనుకున్న పద్ధతిలో నెలకు గది అద్దె 6,000, సాయానికి ఒక మనిషికి 8,000, అప్పు వాయిదా 4,000, మొత్తం 18,000 రూపాయలు అమ్మినా అమ్మకపోయినా కట్టి తీరాలి. సామాను, పౌచు, రవాణా కలిపి ప్యాకెట్‌కు 58 పోతుంది. కిరాణా కొట్టు ద్వారా అమ్మితే ఐదో వంతు వాళ్లు ఉంచుకుంటారు కాబట్టి 110లో చేతికొచ్చేది 88. అంటే ప్యాకెట్‌కు మిగిలేది 30. పద్దెనిమిది వేలను ముప్పైతో భాగిస్తే నెలకు 600 ప్యాకెట్లు. రోజుకు 20 ప్యాకెట్లు అమ్మితే ఖర్చులు మాత్రమే వెళ్లిపోతాయి, అక్కకు కూలి కూడా రాదు.

ఈ 600ను ఇళ్ల లెక్కలోకి మార్చితే అసలు రూపం కనిపిస్తుంది. నలుగురున్న ఇంట్లో పావుకిలో పొడి సుమారు మూడు వారాలు వస్తుంది. అంటే క్రమం తప్పకుండా కొనే ఇల్లు నెలకు ఒకటిన్నర ప్యాకెట్‌కు కొంచెం తక్కువ తీసుకుంటుంది. ఆరు వందల ప్యాకెట్లు పోవాలంటే నికరంగా 430 ఇళ్లు కావాలి. మొదటిసారి కొన్న ముగ్గురిలో ఒకరు మళ్లీ కొంటారనుకుంటే, దాదాపు 1,300 ఇళ్లచేత మొదటి ప్యాకెట్ కొనిపించాలి. పుస్తకంలో ఈ అంకె రాసిన సాయంత్రం అక్క గది అడ్వాన్సు కట్టే ఆలోచనను తనంతట తానే వాయిదా వేసుకుంది.

మేము రాసుకున్న నిబంధన ఇది: 40 ప్యాకెట్లు పరిచయం లేనివారికి పూర్తి ధరకు అమ్మాలి. ఆరు వారాల్లో వారిలో కనీసం 14 మంది మళ్లీ కొంటే తర్వాతి మెట్టుకు పోవాలి. ఏడుగురికంటే తగ్గితే పొడి ఇంటికే పరిమితం. మధ్యలో ఉంటే వస్తువునో ధరనో కొనేవారినో మార్చి మరొక్కసారి మాత్రమే పరీక్షించాలి.

నలభై ప్యాకెట్లు ఎవరికి?

నలభై ప్యాకెట్లనూ ఒకేచోట అమ్మకండి. కొనడానికి వేర్వేరు కారణాలున్న రెండు మూడు రకాల మనుషులను ఎంచుకుని, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క పుట కేటాయించండి. మేము మూడు రకాలను ఎంచుకున్నాము. మొదటిది కమలానగర్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లోని కుటుంబాలు. రెండోది జేఎన్‌టీయూ చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని వండుకునే విద్యార్థులు, చిన్న ఉద్యోగులు. మూడోది బెంగళూరులో పనిచేస్తూ శని, ఆదివారాలకు అనంతపురం వచ్చిపోయేవారు. అక్క ఆశంతా మొదటి రకం మీదే ఉండింది, గది కూడా అక్కడే చూసుకుంది కదా.

అడిగే తీరులో చాలా జాగ్రత్త అవసరం. మీరు మా పొడి కొంటారా అని అడిగితే అవుననే జవాబు వస్తుంది, దానికి విలువ లేదు. దానికి బదులు జరిగిపోయిన విషయాలను అడగండి. ఇప్పుడు ఇంట్లో ఏ పొడి ఉంది, దాన్ని ఎవరు చేశారు లేదా ఎక్కడ కొన్నారు, ఎంత ఇచ్చారు, ఎప్పుడు అయిపోయింది, అయిపోయిన రోజు ఏం చేశారు. ఈ ప్రశ్నలకు మొహమాటపు జవాబులుండవు. అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అయిపోతే ఏముందమ్మా, విత్తనాలు ఇంట్లోనే ఉంటాయి, పొద్దున మిక్సీలో ఒక తిప్పు తిప్పుకుంటాం."

ఆ ఒక్క మాటలో మా పోటీదారు ఎవరో తేలిపోయింది. కొట్టులో దొరికే ఇతర కంపెనీల పొడులతో పోటీ అని అంతవరకూ అనుకున్నాము. శెనక్కాయ పండే అనంతపురంలో, ప్రతి ఇంట్లో మూట విత్తనాలూ మిక్సీ ఉన్నచోట, పోటీ ఆ ఇంటి వంటగదితోనే. అక్కడి ఇల్లాలికి ఈ పొడి ఎంత నచ్చినా డబ్బు పెట్టి కొనవలసిన అవసరం ఏర్పడదు. మెచ్చుకోలుకూ కొనుగోలుకూ మధ్య ఇంత దూరం ఎందుకుందో కూడా దీనితోనే అర్థమవుతుంది. మీ వస్తువు విషయంలోనూ, అది లేకపోతే కొనేవారు ఏం చేస్తారన్నదానికి జవాబు దొరికేదాకా ఈ ప్రశ్నలు అడుగుతూనే ఉండండి.

రుచి చూపించండి, కానీ ప్యాకెట్‌ను ఉచితంగా ఇవ్వకండి. ఒక చెంచా పొడి, ఇడ్లీ ముక్క చాలు. తర్వాత ప్యాకెట్ చూపించి, ప్రస్తుతం తయారుగా ఉన్నవి ఇన్నే, కావలసినవారు 110 రూపాయలు ఇప్పుడే ఫోన్‌పేలో పంపితే ఆదివారం తెచ్చిస్తామని చెప్పండి. ముందుగా డబ్బు కట్టడం అనేది మంచి జల్లెడ. రేపు చెప్తాం, మా ఆయన్ను అడిగి చెప్తాం, రెండు ప్యాకెట్లు పక్కన పెట్టండి అన్న మాటలను పుస్తకంలో సున్నాగా రాయాలి. డబ్బు తీసుకున్నాక చెప్పిన రోజున తప్పక అందించాలి, అందించలేకపోతే అడగకముందే తిరిగి పంపాలి. పరీక్ష మనది, డబ్బు వారిది.

అపార్ట్‌మెంట్‌లో 31 మంది రుచి చూసి బాగుందన్నారు, తొమ్మిది మంది డబ్బు కట్టారు. గదుల్లో ఉండేవారు 16 ప్యాకెట్లు, బెంగళూరు వెళ్లివచ్చేవారు 15 ప్యాకెట్లు తీసుకున్నారు. నలభై పూర్తవడానికి పన్నెండు రోజులు పట్టింది.

రెండోసారి ఎవరు అడిగారు

మొదటి ప్యాకెట్‌ను కుతూహలం కొంటుంది. వస్తువుకు గిరాకీ ఉందో లేదో రెండో ప్యాకెట్ చెబుతుంది. కాబట్టి ప్రతి ఒక్కరి పేరు పక్కన కొన్న తేదీ రాసి, మూడు వారాల పాటు మీరుగా ఏమీ అడగకుండా ఉండండి. ప్యాకెట్ మీద మీ ఫోన్ నంబరు ఉంటుంది, కావలసినవారు వెతుక్కుంటారు. ఆ తర్వాత ఫలానా రోజు కొత్త విడత కొడుతున్నామని అందరికీ ఒకే ఒక సందేశం పంపండి. అడగకుండా వచ్చిన ఆర్డర్లను, సందేశం తర్వాత వచ్చినవాటిని వేరువేరుగా గుర్తించండి. వ్యాపారం పెట్టాక ప్రతి ప్యాకెట్‌కూ ఫోన్ చేసి అడిగే ఓపిక మీకుండదు, అందుకే మొదటి రకం ఆర్డరుకు బరువెక్కువ. కొనని వారికి మాత్రం ఆరో వారంలో ఒక్కసారి ఫోన్ చేసి, మొదటి ప్యాకెట్ అయిపోయిందా అని మాత్రమే అడగండి. అయిపోయి కొనకపోవడానికీ, ఇంకా అయిపోకపోవడానికీ చాలా తేడా ఉంది.

ఆరు వారాలకు మా పుస్తకంలో 40 మందిలో 16 మంది మళ్లీ కొన్నారు. రాసుకున్న 14 దాటింది కాబట్టి పరీక్ష నెగ్గినట్టే. కానీ పుటల వారీగా చూస్తే కథ వేరు. అపార్ట్‌మెంట్‌లో తొమ్మిది మందిలో ఒక్కరు. గదుల్లో ఉండే పదహారు మందిలో ఏడుగురు. బెంగళూరు వారిలో పదిహేను మందికి ఎనిమిది మంది, వారిలో ముగ్గురు రెండేసి ప్యాకెట్లు, అదీ సందేశం పంపకముందే. మొత్తం కలిపి 40 శాతం అని ఆగిపోయి ఉంటే అక్క కమలానగర్‌లో గది తీసుకుని, మళ్లీ కొనని మనుషుల మధ్య కూర్చునేది. అమ్మకాలను రకాలుగా విడదీసి రాయమని నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే.

మళ్లీ కొనకపోవడానికి గిరాకీ లేకపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు, వస్తువు పాడైపోయి ఉండవచ్చు. వేరుశనగ విత్తనం బరువులో దాదాపు సగం నూనె ఉంటుంది. పొడి కొట్టినప్పుడు ఆ నూనె గాలికి తగిలి కొన్ని వారాల్లో పాత నూనె వాసన మొదలవుతుంది. విత్తనాలు వేడిగా ఉండగానే కొట్టినా, తడి ఆరని వెల్లుల్లి వేసినా, ప్యాకెట్ ఎండ తగిలేచోట ఉన్నా అది ఇంకా త్వరగా వస్తుంది. అందుకని ప్రతి విడతలో మూడు ప్యాకెట్లను అమ్మకుండా, కొనేవారి ఇంట్లో ఉండే పరిస్థితుల్లోనే మీ ఇంట్లో ఉంచుకోండి. మూడో వారంలో ఒకటి, ఐదో వారంలో ఒకటి, ఏడో వారంలో ఒకటి విప్పి, ఆ పొడి చేయని మనిషి చేత వాసన చూపించండి. మాకు జూలై విడత ఐదు వారాలు బాగుంది, ఏడో వారానికి వాసన మారింది. అందుకే ప్యాకెట్ మీద నెల రోజులని రాశాము. అనంతపురం ఏప్రిల్ ఎండల్లో ఆ గడువు నిలుస్తుందని ఈ పరీక్షతో చెప్పలేము.

కొట్టువాళ్లు తీసుకున్నంత మాత్రాన

కిరాణా కొట్టులో పెట్టడం అమ్మకం కింద రాదు. ఇక్కడ మేమూ ఒక దెబ్బ తిన్నాము. పాతూరు వైపు ఒక కొట్టు యజమాని 30 ప్యాకెట్లు పెట్టి వెళ్లండి, అమ్మాక డబ్బిస్తానన్నాడు. ఒకేసారి ముప్పై పోయాయని సంబరపడ్డాము. ఐదు వారాలకు 24 తిరిగొచ్చాయి. వాటిని అద్దాల తలుపు పక్కన, మధ్యాహ్నం ఎండ తగిలేచోట వేలాడదీశారు. తిరిగొచ్చినవాటిని అమ్మడానికి మనసొప్పలేదు, పారేశాము. సామానూ కూలీ కలిపి 1,900 రూపాయల పైన నష్టం.

తర్వాత వేరే పద్ధతి పాటించాము. ఆరు ప్యాకెట్లు మాత్రమే, నగదుకు. అమ్ముడుపోకపోతే మూడు వారాల్లోపు తిరిగి తీసుకుని డబ్బిస్తామని చీటీ మీద రాసిచ్చాము. అడిగిన ఐదు కొట్లలో ఇద్దరే ఒప్పుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకరు తమంతట తాము ఫోన్ చేసి మళ్లీ ఆరు అడిగారు. ముప్పై ప్యాకెట్లు ఊరికే పెట్టుకున్న కొట్టుకంటే ఆ రెండో ఆరు ప్యాకెట్లకే నేను విలువిస్తాను.

ధరను ఒకసారి కదిలించి చూడండి

మళ్లీ కొనేవారు ఏ రకంవారో తేలాక, ఆ రకంలోనే కొత్తవారి దగ్గర ధరను పరీక్షించండి. ఒకరికొకరు తెలిసినవారికి రెండు ధరలు చెప్పకూడదు, నమ్మకం పోతుంది. బెంగళూరులో వేర్వేరు చోట్ల పనిచేసే రెండు గుంపులను పట్టుకున్నాము. పన్నెండు మందికి 110 చెబితే ఎనిమిది మంది కట్టారు, మరో పన్నెండు మందికి 130 చెబితే ఏడుగురు కట్టారు. బస్సు పార్సిల్ ఖర్చుతో కలిపి ప్యాకెట్‌కు 65 పోగా, మొదటి గుంపులో 45 చొప్పున 360 మిగిలింది, రెండో గుంపులో 65 చొప్పున 455 మిగిలింది. ఒక్క మనిషి తేడా యాదృచ్ఛికం కావచ్చు కాబట్టి తర్వాతి విడతలోనూ అదే చేసి చూశాము, ఈసారి రెండు వైపులా ఏడుగురే. బెంగళూరుకు 130, గదుల్లో ఉండే పిల్లలకు 110 అని అక్కడ ఖాయం చేసుకున్నాము. అక్కడికి పంపేదానికి రవాణా కలిసి ఉందని కాగితం మీద రాశాము.

రాయితీ ఉంది కదా అన్నప్పుడు

ఈ దశలో ఎవరో ఒకరు వచ్చి యంత్రాలకు రాయితీ వస్తుందని చెబుతారు. అలాంటి పథకం ఒకటి వచ్చిన మాట నిజమే. సూక్ష్మ ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రాయితీ పెట్టారు. అయితే అది బ్యాంకు అప్పుతో ముడిపడినది. కనీసం పది శాతం మీ చేతి డబ్బు పెట్టాలి. రాయితీ సొమ్ము మీ పేరున వేరే ఖాతాలో ఉండి, మూడేళ్లు అప్పు సక్రమంగా కట్టి సంస్థ నడుస్తూ ఉంటేనే అప్పులో జమ అవుతుంది. అంటే మూడేళ్ల పాటు నెలనెలా వాయిదా కట్టగలిగే అమ్మకం మీకు ముందే ఉండాలి. రాయితీ యంత్రాన్ని చవక చేస్తుంది గానీ, 600 ప్యాకెట్ల అంకెను పెద్దగా కదిలించదు. అక్క లెక్కలో వాయిదా పూర్తిగా తీసేసినా నెలకు 14,000 ఖర్చు మిగిలి, 467 ప్యాకెట్లు అమ్మవలసి వచ్చేది.

లెక్కను మళ్లీ కట్టడం

పరీక్ష ముగిశాక పాత ప్రణాళికనే తీసుకుని అవునా కాదా అని తేల్చకండి. కొనేవారు ఎవరో తెలిసింది కాబట్టి ఖర్చుల జాబితానే కొత్తగా రాయండి. మళ్లీ కొనేవారు ఫోన్ మీదే ఆర్డరు ఇస్తున్నారు, కొట్టుకు రావడం లేదు. అందువల్ల అక్కకు గది అక్కరలేదు. నెలకు 40, 50 కిలోల దాకా విత్తనాలు ఇంట్లోనే వేపవచ్చు. పొడిని తెలిసిన మిల్లులో కిలో లెక్కన కూలి ఇచ్చి కొట్టించవచ్చు, కాకపోతే మన ముందు కారం పట్టించుకున్నవారి ఘాటు మన పొడికి అంటకుండా పొద్దున్నే, యంత్రం తుడిపించి కొట్టించాలి. పౌచులు అతికించే చిన్న యంత్రం ఒక్కటే కొన్నాము, రెండు వేల రూపాయల లోపు అయింది.

ఇప్పుడు నెలకు తప్పని ఖర్చు సాయం మనిషికి పూట లెక్కన 4,000, అక్క కూలి 6,000, మొత్తం 10,000. ఎక్కువ భాగం నేరుగా అమ్ముతుంది కాబట్టి, ధర 110 అయినచోట ప్యాకెట్‌కు 45 మిగిలితే 223 ప్యాకెట్లు కావాలి, అంతా 130కే పోతే 154 చాలు. రెండూ కలిసి ఉంటాయి కాబట్టి 190 అని పుస్తకంలో రాసుకున్నాము. సెప్టెంబరులో పరిచయం లేనివారికి అమ్మినవి 96, అక్టోబరులో 131, నవంబరులో 128. దసరాకు ఊరికి వచ్చి తీసుకెళ్లినవి అక్టోబరు లెక్కలో 22 ఉన్నాయి, వాటిని పక్కన పెట్టే చూడాలి, ఎందుకంటే పండగ అమ్మకం ప్రతి నెలా రాదు. సంక్రాంతి నెలలో పరీక్ష మొదలుపెట్టేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. పండగలేని మామూలు నెల కనీసం ఒకటి పూర్తిగా చూడనిదే ఏ అడ్వాన్సూ కట్టకూడదు.

190 ఇంకా రాలేదు కాబట్టి పల్వరైజర్ కొనలేదు. వరుసగా మూడు మామూలు నెలలు 190 దాటితే, మిల్లు కూలికి ఏడాదికి ఎంత పోతోందో చూసి అప్పుడు దాని ధరతో పోల్చుతాము. ఈలోగా తెలియవలసింది ఇంకొకటి ఉంది. ఏప్రిల్ చివరికి విద్యార్థులు గదులు ఖాళీ చేసి ఊళ్లకు వెళ్తారు, అదే సమయంలో ఎండకు పొడి నిలువ తగ్గుతుంది. ఆ రెండు నెలలకు అక్క ఇప్పటికే పుస్తకంలో ఒక కొత్త పుట తెరిచింది. దాని పైన ఏప్రిల్, మే అని రాసి, విడతకు మూడు ప్యాకెట్లకు బదులు ఆరు ప్యాకెట్లు ఇంట్లో ఉంచుకోవాలని, వాటిని వారానికి ఒకటి చొప్పున విప్పాలని కింద రాసుకుంది.